వెళ్ళేవాడి పాట

మా ఆఫీసులో ఎవరు రిటైరైనా, ఎవరికి ట్రాన్స్‌ఫర్ వచ్చినా సన్మాన పత్రం రాసే పని నాకే వచ్చేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వీడ్కోలు సభలో రెండు పద్యాలు చదివాను. అంతే, తెలుగు వచ్చినవాడన్న పేరు స్థిరపడిపోయింది. పాతికేళ్ళకు పైగా అలా రాస్తూనే ఉన్నాను. చాలావాటిలో ఏం రాశానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఒక్కటి మాత్రం మాటకి మాట గుర్తుంది. 1983 ఫిబ్రవరి 28, సోమవారం సాయంత్రం, ఏలూరులో మా హెడ్ క్లర్కు గారి కోసం రాసి, నేనే నిలబడి చదివినది.

ఆ తేదీ నాకే కాదు, ఆ కాలంలో ప్రభుత్వోద్యోగం చేసిన చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటిదాకా పదవీ విరమణ వయసు 58. ఫిబ్రవరి 8న దాన్ని 55కి తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికే 55 నిండినవాళ్ళందరూ ఆ నెలాఖరున ఇంటికి వెళ్ళాలి. అంటే సరిగ్గా ఇరవై రోజులు. మామూలుగా రిటైర్మెంట్ అంటే మనిషి ఏడాది ముందు నుంచీ మనసులో సిద్ధమవుతాడు. అప్పులు తీర్చుకుంటాడు, ఆడపిల్ల పెళ్ళి ముందుకు జరుపుకుంటాడు, పెన్షన్ కాగితాలు సర్దుకుంటాడు. ఇరవై రోజుల్లో అవేమీ కావు. కొందరు కోర్టుకి వెళ్దామన్నారు, కొందరు పుట్టిన తేదీ కాగితాలు మళ్ళీ మళ్ళీ తిరగేశారు.

మా హెడ్ క్లర్కు గారికి ఆ జనవరిలోనే 55 నిండాయి. పాత లెక్క ప్రకారమైతే 1986 జనవరి 31 దాకా సర్వీసు. ఇంకా రెండేళ్ళ పదకొండు నెలలు ఉన్నాయనుకున్న మనిషి. పెద్దమ్మాయి పెళ్ళయింది. రెండో అమ్మాయికి సంబంధం కుదిరింది, వైశాఖంలో ముహూర్తం. ఇంటి అప్పు నెలనెలా జీతంలో కోత పడుతోంది. ఇవన్నీ నాకు తెలుసు. ఆయన బల్లకి ఎదురు బల్ల నాది.

ఆయనకి ఒక అలవాటుండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక రిజిస్టరులో గీతలు కొట్టుకుంటూ కూనిరాగం తీసేవారు. ఎర్ర సిరా పెన్ను, రూళ్ళకర్ర, ఆ పక్కన సగం తాగిన టీ. ఎక్కువగా ఘంటసాల పాటలే. అందులోనూ ఒక పాట దాదాపు రోజూ వినపడేది: 'మురళీకృష్ణ' సినిమాలోది, ఆత్రేయ రాసింది, "ఎక్కడ ఉన్నా ఏమైనా". 1964 నాటి పాట. గీత చివరికి వచ్చేసరికి ఊపిరి బిగపట్టేవారు కాబట్టి పాట అక్కడ ఆగేది. కర్ర కిందికి జరిపాక మళ్ళీ అందుకునేది. ఇప్పటికీ ఆ పాట రేడియోలో వస్తే నాకు మధ్యమధ్య ఆ విరామాలతోనే వినపడుతుంది.

పత్రం రాయమనగానే నాకు ముందు ఆ పాటే తట్టింది. ఆయనకి ప్రాణమైన పాట, ఆయన పత్రంలో ఉండాలి. అంతకన్నా మంచి కానుక ఏముంటుందనుకున్నాను. సన్మాన పత్రానికి ఒక పద్ధతి ఉంటుంది కదా. ఒక్కో పేరాకి ఒక్కో సంబోధన: "కార్యదక్షా!", "స్నేహశీలీ!", "ఆదర్శ గృహస్థా!" అని. చివరి పేరాలో దీవెనలు, కింద "ఇట్లు, కార్యాలయ సిబ్బంది". ఆ చివరి పేరా దగ్గర నేను పాటలోని మొదటి చరణం ఎత్తుకున్నాను.

"అనుకున్నామని జరగవు అన్నీ, అనుకోలేదని ఆగవు కొన్నీ. జరిగేవన్నీ మంచికనీ అనుకోవడమే మనిషి పని."

రాసి ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. ఆ సందర్భానికి అచ్చంగా కుదిరిందనిపించింది. మూడేళ్ళు ముందుగా వెళ్ళాల్సి వచ్చిందన్న మాట పైకి అనకుండానే అన్నట్టయింది, ధైర్యం చెప్పినట్టూ అయింది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు.

ఆ వారం ప్రెస్సుల్లో ఖాళీ లేదు. ఎక్కడ చూసినా ఇవే పత్రాలు. చివరికి మాకు తెలిసిన ఒక చిన్న ప్రెస్సులో ఒప్పుకున్నారు. కంపోజిటరు పెద్దాయన, స్టిక్కులో అక్షరాలు పేర్చుకుంటూ పోతున్నవాడు చివరి పేరా దగ్గర ఆగి, నా రాతప్రతి ఒకసారి కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఈ లైను ఉంచమంటారా అండీ?" అన్నాడు. తప్పేమైనా ఉందా అన్నాను. "తప్పు కాదండీ, మీ ఇష్టం" అని పేర్చేశాడు. ఆయన ఎందుకడిగాడో ఆలోచించలేదు. ప్రూఫులో అక్షర దోషాలు మాత్రమే చూసి సంతకం పెట్టాను. ఆర్ట్ పేపరు మీద బంగారు రంగు బార్డరు వేయించి, అద్దంతో ఫ్రేము కట్టించాం.

సభ ఆఫీసు హాల్లోనే. రెండు బల్లలు కలిపి పైన దుప్పటి పరిచారు. ముందు వరసలో హెడ్ క్లర్కు గారి భార్య, రెండో అమ్మాయి. అమ్మగారు పట్టుచీర కట్టుకుని వచ్చారు, చేతిలో రుమాలు మడత పెట్టి గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. నేను పత్రం చదవడం మొదలుపెట్టాను. "కార్యదక్షా" దగ్గర చప్పట్లు కొట్టారు. "స్నేహశీలీ" దగ్గర ఎవరో "అది నిజం" అన్నారు కూడా. చివరి పేరాకి వచ్చి, ఆ చరణాన్ని పాడకుండా, ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా చదివాను.

చప్పట్లు పడలేదు.

గోడ గడియారం, పైన ఫ్యాను తప్ప మరేమీ వినపడలేదు. టైపిస్టు అమ్మగారు తల దించుకున్నారు. అదే రోజు మా దగ్గర ఇంకొకాయన కూడా రిటైరవుతున్నారు, ఆయన కిటికీ వైపు తిరిగారు. హెడ్ క్లర్కు గారి భార్య మాత్రం నా వైపే చూస్తున్నారు. అందులో కోపం ఉన్నా తట్టుకునేవాణ్ణి. ఆ చూపు వేరు. మీకు కూడా ఇది మంచిగానే కనపడుతోందా నాయనా, అని అడుగుతున్నట్టుంది.

అంతటితో అయినా బాగుండేది. నా తర్వాత అధ్యక్షత వహించిన ఆఫీసరు గారు లేచి, "మనవాడు చక్కగా చెప్పాడు, జరిగేవన్నీ మంచికే" అని అక్కడి నుంచి ఉపన్యాసం అందుకున్నారు. విశ్రాంతి గురించి, మనవలతో ఆడుకోవడం గురించి, తీర్థయాత్రల గురించి. ఆయన మాటల్లో ఆత్రేయ రాసిన "అనుకోవడమే" అన్నది ఎక్కడో జారిపోయింది. చాలా సేపటి తర్వాత గానీ నాకు ఆ తేడా అందలేదు. జరిగేవన్నీ మంచికని ఎవరూ తేల్చి చెప్పలేదు ఆ పాటలో. అలా అనుకోవడం తప్ప మనిషి చేయగలిగింది లేదన్నారు. ఆ మాటలో ఓదార్పు కన్నా నిస్సహాయతే ఎక్కువ. ఒక్క పదం ఊడిపోగానే అది తీర్పు అయి కూర్చుంది.

హెడ్ క్లర్కు గారు స్పందించాల్సి వస్తే లేచి, "అందరికీ నమస్కారం. పెండింగ్ ఫైళ్ళు మూడున్నాయి, లిస్టు రాసి డ్రాయర్లో పెట్టాను" అని కూర్చున్నారు. శాలువా కప్పారు, దండ వేశారు, ఫ్రేము ఇచ్చారు. ఆయన దాన్ని బోర్లా పట్టుకుని రిక్షా ఎక్కారు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన ఇంటికి వెళ్ళే ధైర్యం రాలేదు. పెళ్ళికి శుభలేఖ వస్తే వెళ్ళి, అక్షింతలు వేసి, భోజనం చేయకుండానే వచ్చేశాను. జూన్ చివర్లో పెన్షన్ కాగితం మీద ఒక సంతకం కావాల్సి వచ్చి, ఇక తప్పక వెళ్ళాను.

వీధి గదిలో కూర్చోబెట్టారు. ఎదురుగా గోడ మీద నేను కట్టించిన ఫ్రేమే. సందేహం లేదు, కుడి పక్క కింది మూలలో మేకు దిగేటప్పుడు పగిలిన చిన్న చెక్క పెచ్చు అలాగే ఉంది. కానీ లోపల పత్రం లేదు. రెండో అమ్మాయి పెళ్ళి ఫొటో ఉంది. నా చూపు ఎక్కడుందో ఆయన గమనించారు.

"ఫ్రేము మంచిదోయ్, ఊరికే పడి ఉండడమెందుకని" అన్నారు.

నేను క్షమించమని అడగబోయాను. "గురువుగారూ, ఆ రోజు..." అన్నాను, మాట రాలేదు. అమ్మగారు కాఫీ తెచ్చి ఇచ్చి, లోపలికి వెళ్ళకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఆయన గ్లాసు కింద పెట్టి, నన్ను ఒక ప్రశ్న అడిగారు.

"ఆ పాట ఎవరు పాడతారోయ్ సినిమాలో?"

"నాగేశ్వరరావు గారండి."

"ఆయన సరే. ఉండిపోయేవాడు పాడతాడా, వెళ్ళిపోయేవాడు పాడతాడా?"

నేను పల్లవి మనసులో పాడుకున్నాను. ఎక్కడున్నా నీ సుఖమే కోరుతున్నా, అందుకే నిన్ను వీడి వెళ్తున్నా. వెళ్ళిపోయేవాడే.

"అదీ. వెళ్ళేవాడు తనకి తాను చెప్పుకునే మాట అది. మనసు ముక్కలై పోతుంటే, సరేలే, మంచికే అనుకుందాం అని తన గుండె తనే తడుముకుంటున్నాడు. ఆ మాట నా నోటితో నేను అనుకుంటే నాకు బలం. నేను రోజూ గీతలు కొట్టుకుంటూ పాడుకున్నదీ అందుకే. ఉండిపోయేవాళ్ళంతా కుర్చీల్లో కూర్చుని నాతో అంటే ఏమవుతుందంటావ్?" అని, కాసేపాగి, "నీ మీద కోపం లేదోయ్. నువ్వు నా పాట పెట్టావని నాకు తెలుసు. మీ అమ్మగారికే తెలీదు" అన్నారు.

గుమ్మం దగ్గర అమ్మగారు, "ఆ పాట ఈయన ఇంట్లో ఎప్పుడూ పాడలేదు బాబూ" అన్నారు.

ఆ మాటతో నాకు రెండో తప్పు కూడా తెలిసింది. ఒక మనిషికి ఇష్టమైన పాట అని మనకి తెలిసినంత మాత్రాన దాన్ని సభలో పెట్టే హక్కు మనకి రాదు. ఆయన ఎదురు బల్ల దగ్గర, గీతకీ గీతకీ మధ్య పాడుకున్నది, తన ఇంటి వాళ్ళకి కూడా వినిపించనిది, నేను బంగారు బార్డరు వేసి నలుగురి ముందు చదివాను.

అప్పటి నుంచి నాకొక పద్ధతి అలవాటైంది. పత్రంలో పాట గానీ పద్యం గానీ వాడాలనుకుంటే ముందు మొత్తం పాడుకుంటాను, చరణాలతో సహా. మన వాళ్ళకి పాటలు నోటికి వస్తాయి. మనం ఒక లైను చదివి ఆపినా వినేవాళ్ళ మనసులో తర్వాతి లైను దానంతటది వచ్చేస్తుంది. అదే పాటను ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తున్న ఒక ఆడ ఉద్యోగికి పల్లవి వరకే వాడదామని ఒకతను అడిగితే నేను ఆపాను. ఎందుకంటే ఆ పాట చివర "దీవిస్తున్నా నా దేవిని" అని ఉంటుంది. రాసినవాడు దాన్ని కాగితం మీద పెట్టకపోయినా, వెనక వరస కుర్రాళ్ళు పూర్తి చేస్తారు.

మా అమ్మాయి చదివిన బడిలో జరిగింది కూడా చెప్పాలి. తెలుగు చెప్పే టీచరమ్మ గారు బదిలీ అయి వెళ్తుంటే ఒక పిల్ల కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలు పాడింది. గొంతు ఎంత బాగుందో. ఘంటసాల రికార్డు విని నేర్చుకుంది కాబోలు, ఎక్కడా తడబడలేదు. ఊలు దారాలతో గొంతుకి ఉరి బిగించి, గుండెల్లో సూదులు గుచ్చి అని పాడుతుంటే, మెడలో అప్పుడే వేసిన బంతిపూల దండతో, తలలో మల్లెపూలతో టీచరమ్మ గారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. "అకట! దయలేనివారు మీ యాడువారు" దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి తెలియకుండానే జడ మీదికి వెళ్ళింది. ఆ పద్యాలు నేర్పింది ఆవిడే. పిల్లకి తనకొచ్చినవాటిలో గొప్పది పాడాలనే తప్ప మరో ఆలోచన లేదు.

ఇంకోసారి, గుండె జబ్బుతో ఆరు నెలలు సెలవులో ఉండి వచ్చి రిటైరవుతున్న సూపరింటెండెంటు గారి పత్రానికి, ఒక కుర్రవాడు శ్రీశ్రీ 'మహాప్రస్థానం' మొదటి పంక్తులు రాసుకొచ్చాడు. "మరో ప్రపంచం పిలిచింది", ఆ తర్వాత "పోదాం పోదాం పైపైకి". ఆ కుర్రవాడికి శ్రీశ్రీ అంటే పిచ్చి, కొత్త జీవితం మొదలవుతోందన్న ఉత్సాహంతో రాశాడు. ఆ కవితలో పిలుపు పోరాటానికి, వయసులో ఉన్న సమూహానికి. దాన్ని మంచం దిగి వచ్చిన ఒక్క మనిషి చేతిలో పెడితే ఆయన ఇంట్లోవాళ్ళకి ఏ ప్రపంచం గుర్తొస్తుంది? అతన్ని పక్కకి పిలిచి, "ఆయన భార్య పక్కన కూర్చుని విన్నట్టు ఒక్కసారి చదువు" అన్నాను. రెండో లైను దగ్గరే ఆగిపోయాడు.

మా హెడ్ క్లర్కు గారి కథ అక్కడితో అయిపోలేదు. 1984 ఆగస్టు 23 నుంచి వయసు మళ్ళీ 58 చేశారు. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళ సంగతి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఇంకా 58 నిండనివాళ్ళని తిరిగి తీసుకోవాలని 1985 ఆగస్టులో తీర్పు వచ్చింది. కాగితాలన్నీ కదిలి, దసరా వెళ్ళాక ఒక ఉదయం ఆయన మళ్ళీ మా ఆఫీసు మెట్లెక్కారు. జుట్టు బాగా నెరిసింది. బల్ల దగ్గరికి వచ్చి, ముందు డ్రాయరు లాగి చూశారు. తను రాసిపెట్టిన మూడు ఫైళ్ళ లిస్టు ఇంకా అందులోనే ఉంది, వాటిలో ఒకటి అప్పటికీ తేలలేదు. చొక్కా చేతులు మడిచి ఆ ఫైలుతోనే మొదలుపెట్టారు.

మూడు నెలలు పనిచేశారు. 1986 జనవరి 31, శుక్రవారం నాడు అసలు రిటైర్మెంట్. మళ్ళీ పత్రం నేనే రాయాలి. ఈసారి ముందు ఆయన్నే అడిగాను. "పాటలూ పద్యాలూ ఏం వద్దోయ్. నేనేం చేశానో రాయి, చాలు" అన్నారు.

రాద్దామని కూర్చుంటే, ఆయన ఏం చేశారో నాకు పూర్తిగా తెలియదని తెలిసింది. పాత ఫైళ్ళు తీశాను, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళని అడిగాను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు సహాయం పనికి అవనిగడ్డ వైపు వెళ్ళినవాళ్ళలో ఆయన ఒకరు. ఊళ్ళ వారీగా పోయినవాళ్ళ పేర్లు, మిగిలినవాళ్ళ పేర్లు జాబితాలు రాశారట. ఒకే ఇంటిపేరు పేజీ చివరిదాకా వస్తే, "పై విధంగా" అని చుక్కలు పెట్టకుండా ప్రతిసారీ పూర్తిగా రాశారని, ఆయనతో వెళ్ళిన అటెండరు చెప్పాడు. ఆ సంగతి ఆయన మాకెప్పుడూ చెప్పలేదు. నేను దాన్ని ఉన్నది ఉన్నట్టు రాశాను. ఒక్క సంబోధన కూడా పెట్టలేదు. మొత్తం పదహారు లైన్లు వచ్చింది.

చదువుతుంటే నాకే గొంతు పట్టేసింది. అమ్మగారు ముందు వరసలో రుమాలు కళ్ళకి అద్దుకున్నారు. ఆమెకి కూడా అవనిగడ్డ సంగతి అంత వివరంగా తెలియదని తర్వాత చెప్పారు.

దండలూ శాలువాలూ అయ్యాక, ఎవరో వెనక నుంచి "గురువుగారు ఒక పాట పాడాలి" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. ఆయన నవ్వి, నా వైపు ఒకసారి చూసి, బల్ల మీద రెండు వేళ్ళతో తాళం వేసుకుంటూ మొదలుపెట్టారు. ఎక్కడ ఉన్నా ఏమైనా. ఎక్కడా ఆగలేదు, గీతలు కొట్టే పని లేదు కదా. ఆ చరణం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకున్నారు. "అనుకున్నామని జరగవు అన్నీ" అని ఆయన అందుకోగానే, పక్కనే ఉన్న అమ్మగారు తల కొంచెం వంచి, పెదవులు కదుపుతూ ఆయనతో పాటు పాడడం చూశాను.